ముగింపు రాయమంటే మళ్లీ మొదటి నుంచి చెప్తున్నానట: ప్రపంచీకరణ, సార్వభౌమాధికారం వ్యాసం

గోదారిగట్టు
సివిల్స్ మెయిన్స్‌కి తెలుగు మీడియంలో రాస్తున్నాను. నిన్న టెస్ట్ సిరీస్‌లో మూడో వ్యాసం పేపరు తిరిగొచ్చింది. టాపిక్కు "ప్రపంచీకరణ యుగంలో జాతీయ సార్వభౌమాధికారం: క్షీణిస్తోందా, రూపు మార్చుకుంటోందా?" వ్యాసం ఒళ్లంతా టిక్కులే, ముగింపు దగ్గరకొచ్చేసరికి ఎర్ర ఇంకుతో "ఇదంతా ఇప్పుడేగా చదివాను" అని రాశారు. మూడు పేపర్లకీ ఇదే మాట. నా ముగింపు ఇది:

"ఈ విధంగా ప్రపంచీకరణ వల్ల లాభాలు, నష్టాలు రెండూ ఉన్నాయి. దేశాల సార్వభౌమాధికారం కొంత తగ్గినా పూర్తిగా పోలేదు. కాబట్టి రెండింటి మధ్య సమతుల్యత సాధించాలి. వసుధైవ కుటుంబకం అనే భావనతో ముందుకు సాగితే భారత్ విశ్వగురువు కాగలదు."

ముగింపంటే పైన చెప్పింది కుదించి చెప్పడమేగా? స్కూల్లో అలాగే నేర్పారు. ఇంకేం రాయాలి?

నాలుగో_అటెంప్ట్
విశ్వగురువు 😂 నా మూడు అటెంప్టుల్లోనూ ఆయనే దిగాడు. నాకు మాత్రం దిగలేదు.

పరీక్షల_పక్షి
సింపుల్. ముగింపులో మూడు ఉండాలి: ఒక కొటేషను, ముందుకు దారి, ఒక ఆశావాద వాక్యం. ఈ టాపిక్కుకి గాంధీ గారి కిటికీల మాట (అన్ని సంస్కృతుల గాలీ ఇంట్లోకి రావాలి, కానీ నా కాళ్లు నేలమీద నుంచి ఎగిరిపోకూడదు అన్నది) అచ్చంగా సరిపోతుంది. నేను అదే రాశా, మంచి మార్కులొచ్చాయి.

ఎర్రకలం
పక్షి గారూ, రెండు టెస్ట్ సిరీస్‌లకి పేపర్లు దిద్దుతుంటాను. ఈ టాపిక్కు ఇస్తే కట్టలో సగం పేపర్లు వెస్ట్‌ఫేలియా 1648 ఒప్పందంతో మొదలై గాంధీ గారి కిటికీతో ముగుస్తాయి. ఇరవయ్యో కిటికీ దగ్గరికొచ్చేసరికి దిద్దేవాడికి చలేస్తుంది. కొటేషను తప్పని కాదు. మీ ఒళ్లు మొత్తం ఆ మాట వైపు నడిచుంటే పెట్టండి. లేకపోతే అది అరువు తెచ్చుకున్న ముగింపు.

గోదారిగట్టు గారూ, ఒక పరీక్ష చెప్తాను. మీ ముగింపులో "ప్రపంచీకరణ" తీసేసి "పట్టణీకరణ" అని పెట్టండి, "సార్వభౌమాధికారం" తీసి "గ్రామ జీవనం" అని పెట్టండి. చదవండి. చక్కగా సరిపోతుంది కదూ? అంటే ఆ ముగింపు ఈ వ్యాసానిది కాదు, ఏ వ్యాసానికైనా అద్దెకిచ్చేది.

గోదారిగట్టు
పెట్టి చూశా. వసుధైవ కుటుంబకం దగ్గర ఒక్కచోట కొంచెం ఇబ్బంది పడింది, మిగతాదంతా పట్టణీకరణకే బాగా కుదిరింది. నవ్వాలో ఏడవాలో తెలీట్లేదు.

డల్లాస్_బాబాయ్
నన్నడిగితే సార్వభౌమాధికారం లేదూ ఏమీ లేదు. హెచ్-1బి ఫీజు ఒక్క సంతకంతో మార్చేస్తుంటే ఇక్కడ మేం కిక్కురుమనకుండా కూర్చుంటున్నాం. ప్రపంచీకరణ సరుకులకే, మనుషులకు కాదు. మనుషుల్ని రానివ్వడం, రానివ్వకపోవడం మాత్రం ఇంకా దేశాల చేతిలోనే ఉంది. ఇది రాయమ్మా.

ఓల్డ్‌సిటీ_చాయ్
బాబాయ్, ఆమె అడిగింది ముగింపు ఎట్ల రాయాలె అని. ప్రపంచీకరణ మంచిదా కాదా అని కాదు.

డల్లాస్_బాబాయ్
చదివాన్లే. కానీ నేను చెప్పింది పనికిరాదంటావా?

సంపాదకీయం
పనికొస్తుంది, ఒళ్లులో. పద్నాలుగేళ్లు పత్రికలో ఎడిట్ పేజీ చూశాను. మా దగ్గర ఒక మోటు పద్ధతి ఉండేది. చివరి పేరా మీద వేలు పెట్టి మూసి, దాని పైది చదివేవాళ్లం. వ్యాసం ఆ పైదానితోనే అయిపోయినట్టు అనిపిస్తే చివరి పేరా కొట్టేసేవాళ్లం. పదిలో ఏడుసార్లు కొట్టేయాల్సే వచ్చేది. రాసేవాళ్లు అసలు సంగతి ముందు పేరాలోనే చెప్పేస్తారు, తర్వాత మర్యాద కోసం ఇంకో పేరా రాస్తారు. భోజనం అయ్యాక గుమ్మం దగ్గర నిలబడి ఇంకో అరగంట మాట్లాడే చుట్టాల్లాగ.

అందుకని అమ్మాయ్, ముగింపొక్కటే చూపిస్తే ఎవరూ ఏం చెప్పలేరు. నీ ఒళ్లులో బలమైన పేరా ఏదో అది పెట్టు.

గోదారిగట్టు
సరే సార్. ఎవాల్యుయేటర్ రెండు టిక్కులు పెట్టిన పేరా ఇది:

"2012 మార్చిలో భారత పేటెంట్ కార్యాలయం బేయర్ కంపెనీ క్యాన్సర్ మందు నెక్సావర్‌ను తయారు చేసుకోవడానికి హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మాకు కంపల్సరీ లైసెన్సు ఇచ్చింది. నెలకు రూ. 2.8 లక్షలయ్యే మందు రూ. 9 వేల లోపుకు వచ్చింది. డబ్ల్యూటీవో నిబంధనలను ధిక్కరించి భారత్ తన సార్వభౌమాధికారాన్ని చాటుకుంది."

మందుల_డబ్బా
నేను బల్క్ డ్రగ్స్ ఫీల్డులో పనిచేస్తాను, రెగ్యులేటరీ సైడు. రెండు టిక్కులు పెట్టినాయన చివరి వాక్యం సరిగ్గా చదవలేదు. "ధిక్కరించి" అన్నది తప్పు. ఎవరినీ ధిక్కరించలేదు. డబ్ల్యూటీవోలో పేటెంట్లకు సంబంధించిన ట్రిప్స్ ఒప్పందంలోనే 31వ ఆర్టికల్ ఉంది. పేటెంట్ ఉన్నవాడి అనుమతి లేకుండా వేరేవాళ్లకు లైసెన్సు ఇవ్వొచ్చు, కొన్ని షరతులకు లోబడి. 2001లో దోహాలో జరిగిన డబ్ల్యూటీవో సమావేశంలో దాన్నే ఇంకా గట్టిగా చెప్పారు, ఏ కారణాలతో ఇవ్వాలో ఆయా దేశాల ఇష్టం అని. మన చట్టంలో 84వ సెక్షను. బేయర్‌కి రాయల్టీ కూడా ఇవ్వాలన్నారు, మొదట అమ్మకాల్లో 6 శాతం, అప్పీల్లో 7 శాతం చేశారు. బేయర్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2014లో అక్కడా పని కాలేదు. దొంగచాటుగా గోడ దూకిన యవ్వారం కాదిది. గోడలోనే తలుపుంది, తాళం తీసి వెళ్లాం.

గోదారిగట్టు
అయ్యో. కోచింగ్ నోట్సులో "ధిక్కరించి" అనే ఉంది.

ఓల్డ్‌సిటీ_చాయ్
నోట్సుల రాసేటోళ్లకు ధిక్కారమంటే ముద్దు. పరీక్షల అదే పేరా రెండు వేల మంది రాస్తరు.

ఎర్రకలం
మందుల డబ్బా గారు చెప్పిన చోటే మీ ముగింపుకి అడ్డం పడిన రాయి ఉంది. వివరంగా చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

మీరు "ధిక్కరించి" అని రాశారు కాబట్టి మీ ఒళ్లులో రెండు జట్లున్నాయి: అటు ప్రపంచీకరణ, ఇటు సార్వభౌమాధికారం. 1991లో అప్పు కోసం మన బంగారం విమానమెక్కి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కి వెళ్లడం వాళ్లకొక గోలు, నెక్సావర్ మనకొక గోలు. రెండు జట్లుంటే చివర్లో చెప్పడానికి ఏముంటుంది? స్కోరు. "కొంత తగ్గింది, కొంత మిగిలింది, సమతుల్యత కావాలి." సారాంశం రాయడం మీకు రాక కాదు, మీ ఒళ్లు సారాంశం తప్ప ఇంకేమీ పుట్టనివ్వని ఒళ్లు.

ఇప్పుడు తప్పు దిద్ది చూడండి. 1970 చట్టం ప్రకారం మందుకు ప్రొడక్ట్ పేటెంటు లేదు, తయారీ పద్ధతికే. ఆ వెసులుబాటులోనే మన మందుల కంపెనీలు పెరిగాయి. 1995లో డబ్ల్యూటీవోలో చేరి, 2005 నుంచి ప్రొడక్ట్ పేటెంట్లు ఇస్తామని ఒప్పుకున్నాం. అంటే ఒక హక్కు వదులుకున్నాం. 2012లో అదే ఒప్పందంలోని వీలును వాడుకున్నాం. వదులుకున్నదీ వాడుకున్నదీ ఒకే కాగితంలో ఉన్నాయి. ఇక "తగ్గిందా పెరిగిందా" అన్న ప్రశ్నే సరిగ్గా నిలబడదు. ఆ వీలు అన్ని దేశాలకూ ఉందిగా, మరి అందరూ ఎందుకు వాడుకోలేదు? ఈ ప్రశ్న మీ వ్యాసం చదివాకే పుడుతుంది, చదవకముందు పుట్టదు. ముగింపు అక్కడి నుంచి మొదలవ్వాలి.

సంపాదకీయం
ఇది బాగుంది. ఒళ్లంతా రాశాకే పుట్టే మాట. ముందే రాసిపెట్టుకోగలిగే మాటైతే దాన్ని ముగింపు అనక్కర్లేదు.

పరీక్షల_పక్షి
అలా అంటే ఎలా సార్? మూడు గంటల్లో రెండు వ్యాసాలు, ఒక్కోటి వెయ్యి నుంచి 1200 పదాలు. ముగింపు ముందే తయారుగా లేకపోతే చివరి అయిదు నిమిషాల్లో ఏం రాస్తాం? మీరు ఏసీ గదిలో కూర్చుని చెప్తున్నారు.

ఎర్రకలం
ఆ మాటలో సగం నిజముంది. ముందే తయారుండాల్సింది వాక్యాలు కాదు, ప్రశ్న. రఫ్ పేజీలో పాయింట్లు రాసుకునేటప్పుడే కింద ఒక గీత గీసి "ఇదంతా నిజమైతే, మరి...?" అని రాసుకోండి. ఒళ్లు రాస్తుండగా ఆ ఖాళీ పూరించండి. పది నిమిషాలు దానికే ఉంచండి. మా గది ఏసీ పాడై రెండేళ్లయింది.

నాలుగో_అటెంప్ట్
నాకో అనుమానం. ముగింపులో కొత్త విషయం రాయకూడదంటారుగా? "అందరూ ఎందుకు వాడుకోలేదు" అన్నదానికి జవాబు రాయాలంటే కొత్త ఉదాహరణ కావాలి. నేనోసారి ముగింపులో బ్రెగ్జిట్ తెచ్చాను, "ఇది ముందెందుకు రాయలేదు" అని మార్కులు కోశారు.

మందుల_డబ్బా
ఉదాహరణ నేనిస్తా, ఎక్కడ పెట్టుకోవాలో మీరు తేల్చుకోండి. రువాండా. కంపల్సరీ లైసెన్సు హక్కు వాళ్లకూ ఉంది. కానీ మాత్ర తయారు చేసే ఫ్యాక్టరీ లేదు. ఇలాంటి దేశాల కోసం 2003లో డబ్ల్యూటీవో ఒక దారి పెట్టింది, వేరే దేశంలో తయారు చేయించి తెచ్చుకోవచ్చని. 2007లో రువాండా హెచ్ఐవి మందు కావాలని నోటీసిచ్చింది, కెనడా కంపెనీ అపోటెక్స్ తయారు చేసింది, మొదటి సరుకు 2008లో చేరింది. కాగితాలు ఎంతెంత తిరిగాయంటే ఆ కంపెనీ ఇంకోసారి ఈ గొడవలోకి దిగలేదు. 2003 నుంచి ఇప్పటిదాకా ఆ దారిలో వెళ్లి చేరిన మందు అదొక్కటే.

ఓల్డ్‌సిటీ_చాయ్
అంటే హక్కు ఉన్నది, ఫ్యాక్టరీ లేదు. పెండ్లికార్డు ఉన్నది, బస్సు ఛార్జీలు లేవు.

గోదారిగట్టు
ఈ మాట ముగింపులో పెట్టుకోవచ్చా 😄

ఓల్డ్‌సిటీ_చాయ్
పెట్టుకో అక్కా, రాయల్టీ 6 శాతం.

సంపాదకీయం
నాలుగో అటెంప్ట్ బాబూ, నీ బ్రెగ్జిట్ సంగతి వేరు. కొత్త *వాదం* ముగింపులో మొదలెట్టకూడదు, ఎందుకంటే నిరూపించడానికి చోటుండదు. పాత వాదం ఎక్కడిదాకా వెళ్తుందో చూపించడానికి చిన్న కొత్త సంగతి రావచ్చు. పత్రికలో మేం చేసేవాళ్లం.

ఎర్రకలం
పరీక్షలో నేను ఒప్పుకోను. పత్రిక పాఠకుడు మెచ్చుకుంటాడు, దిద్దేవాడు "ప్లానింగ్ లేదు" అనుకుంటాడు. రువాండాని ఒళ్లులోనే, నెక్సావర్ పేరా పక్కన, రెండు వాక్యాల్లో నాటండి, అర్థం విప్పకుండా. ముగింపులో దాని దగ్గరికి తిరిగి రండి. అప్పుడది పాత సంగతే, కొత్త అర్థంతో.

సంపాదకీయం
అర్థం విప్పకుండా వదిలేస్తే ఒళ్లులో ఆ పేరా చదివినవాడు ఇదెందుకొచ్చిందని తల గోక్కోడా? నాకు నచ్చలేదు. సరే, పరీక్ష మీ ఇలాకా.

డల్లాస్_బాబాయ్
మా అమ్మాయికి ఇక్కడ హైస్కూల్లో వ్యాసం రాస్తే టీచరు మార్జిన్లో "అయితే ఏంటి?" అని రాసేది. ఒక్కో పేరా పక్కన. చివర్లో రాసేదంతా దానికి జవాబే. అప్పట్లో పిల్లదాన్ని ఏడిపిస్తోందని కోపమొచ్చేది. మీరు చెప్తున్నది అదేగా?

ఎర్రకలం
అదే బాబాయ్ గారూ. ఈసారి సరిగ్గా చదివారు.

గోదారిగట్టు
కూర్చుని రాశా. రువాండాని ఒళ్లులో నాలుగో పేరాలో పెట్టాను, "ధిక్కరించి" తీసేశాను. ముగింపు:

"1995లో ఒక ఒప్పందంలో చేరి భారత్ ఒక హక్కును వదులుకుంది. 2012లో అదే ఒప్పందం మిగిల్చిన తలుపును తెరిచి క్యాన్సర్ రోగికి మందు అందించింది. ఆ తలుపు రువాండాకూ ఉంది, కానీ దాన్ని తీసే చెయ్యి కెనడాలో ఉంది. సంతకంలో రెండు దేశాలూ సమానమే. తేడా వచ్చింది ఫ్యాక్టరీల దగ్గర, పేటెంట్ చట్టం చదివిన అధికారుల దగ్గర, కోర్టుల దగ్గర. కాబట్టి సార్వభౌమాధికారం ఎంత మిగిలిందో తెలియాలంటే ఒప్పందాలను కాదు, వాటిలో మిగిలిన చోటును వాడుకోగల శక్తిని చూడాలి. ఆ శక్తి మనకు ఎప్పటికీ ఉంటుందన్న హామీ లేదు: 2012 తర్వాత మన పేటెంట్ కార్యాలయం అలాంటి లైసెన్సు మరొకటి ఇవ్వలేదు."

నాలుగో_అటెంప్ట్
విశ్వగురువు లేకుండా మొదటిసారి ఒక ముగింపు చదివా. బోసిగా ఉంది. బాగుంది.

పరీక్షల_పక్షి
బాగానే ఉందిగానీ చివర్లో ఆశ లేదు. పరిపాలనలోకి వెళ్లాల్సినవాళ్లు నిరాశగా ముగించకూడదని మా సార్ చెప్పారు.

ఎర్రకలం
నిరాశ ఎక్కడుంది? ఏం కాపాడుకోవాలో చెప్తోంది. ఆ పేరు పెట్టకుండానే ముందుకు దారి చూపించింది. పట్టణీకరణ పరీక్ష పెట్టండి, ఒక్క వాక్యం కూడా కుదరదు. నా గొడవ చివరి వాక్యం మీదే. ఆ "మరొకటి ఇవ్వలేదు" అన్నది ఒళ్లులో ఉందా?

గోదారిగట్టు
లేదు. ముగింపు రాస్తుంటే గుర్తొచ్చింది.

ఎర్రకలం
అయితే నా లెక్కలో అది కొత్త సాక్ష్యం. ఒళ్లులోకి పంపండి.

సంపాదకీయం
వద్దు, అక్కడే ఉంచు. మొత్తంలో ఉలిక్కిపడేలా చేసేది అదొక్కటే.

మందుల_డబ్బా
మీ ఇద్దరూ ఎక్కడ పెట్టాలని కొట్టుకుంటున్నారు. నాకు అసలు ఆ వాక్యం నుంచి ఆమె తీసిన అర్థం మీదే అనుమానం. ఇవ్వలేదన్నది నిజమే. డాసాటినిబ్‌కి ఒకళ్లు అడిగారు, 2013లో కాదన్నారు. సాక్సాగ్లిప్టిన్‌కి ఇంకో హైదరాబాద్ కంపెనీ అడిగింది, 2016లో కాదన్నారు. కానీ దాన్ని బట్టి శక్తి తగ్గిందనగలమా? 2014లో హెపటైటిస్-సి మందు సోఫోస్‌బువిర్‌కి అమెరికా కంపెనీ గిలియడ్ మన కంపెనీలకు తనంతట తనే లైసెన్సులు ఇచ్చింది. నెక్సావర్ చూశాక కంపెనీలు ముందే బేరానికి వస్తున్నాయని మా ఫీల్డులో చాలామంది అంటారు. కర్ర గోడకు ఆనించి ఉంటే చాలు, ఎత్తక్కర్లేదు. ఇంకొందరు, అమెరికా ఒత్తిడికి మనవాళ్లు కర్ర దాచేశారంటారు. ఏటా పేటెంట్ల విషయంలో వేలెత్తి చూపే వాళ్ల స్పెషల్ 301 నివేదికలో మన పేరు ఉండనే ఉంటుంది. రెండింట్లో ఏది అంటే నేను తేల్చలేను.

ఓల్డ్‌సిటీ_చాయ్
నువ్వు తేల్చకపోతే ఆమె నూటపాతిక మార్కుల వ్యాసంల తేలుస్తదా?

మందుల_డబ్బా
తేల్చొద్దనే అంటున్నా. "హామీ లేదు" అని తీర్పు చెప్పేసింది. దాని బదులు, ఆ లైసెన్సు మళ్లీ ఇవ్వకపోవడం బలహీనతో, ఇవ్వక్కర్లేనంత బలమో ఇంకా తెలియదు అనొచ్చుగా.

పరీక్షల_పక్షి
"ఇంకా తెలియదు" అని ముగిస్తే దిద్దేవాళ్లు గోడమీద పిల్లి అనరా?

ఎర్రకలం
రెండువైపులా ఏముందో చూపించి ఆగితే అనరు. ఏమీ చూపించకుండా "కాలమే నిర్ణయిస్తుంది" అంటే అంటారు. అయితే ఇది రాయాలంటే సోఫోస్‌బువిర్ కూడా ఒళ్లులోకి రావాలి. ఒక వ్యాసంలో మూడు మందులైతే మెడికల్ షాపవుతుంది. ఆమె ఇష్టం.

డల్లాస్_బాబాయ్
నా హెచ్-1బి ఎక్కడా పెట్టలేదు.

గోదారిగట్టు
బాబాయ్ గారూ, మీది ఒళ్లులో రెండో పేరాలో ఉంది: సరుకుకి తలుపు తీసిన దేశాలే మనిషికి గొళ్లెం పెట్టాయని. మీ పేరు రాయలేదు అంతే.

అందరికీ ఒక అప్‌డేట్. ఇవాళ మళ్లీ మాక్ టెస్టు. సరిగ్గా ఇదే టాపిక్కు కాదు, దగ్గరిది: రిటైల్‌లో విదేశీ పెట్టుబడులు. ఎర్రకలం గారు చెప్పినట్టు రఫ్ పేజీ కింద గీత గీసి "ఇదంతా నిజమైతే, మరి...?" అని పెట్టుకున్నా. ముగింపుకి ఇరవై రెండు నిమిషాలు పట్టింది. నాకైతే బాగా వచ్చిందనే అనిపించింది.

ఎర్రకలం
ఇరవై రెండా! మరి రెండో వ్యాసం?

గోదారిగట్టు
రెండో దానికి చివర్లో మూడు నిమిషాలే మిగిలాయి. వసుధైవ కుటుంబకం అని రాసి ఇచ్చేసి వచ్చా.